పగలు గోడలో, రాత్రి కోడి మీద

మా ఇంట్లో ఒకసారి పదకొండు గుడ్లతో పొదగేసిన కోడి పదిహేనో రోజున గంప దిగి వెళ్లిపోయింది. మళ్లీ తెచ్చి కూర్చోబెడితే ఒక్క క్షణం నిలవలేదు. చెయ్యి పెట్టి గుడ్లు తీస్తుంటే మోచేతి దాకా సన్నగా జిల పాకింది. గంప అడుగున గడ్డి ఎత్తి చూస్తే అల్లిక సందుల్లో బూడిద రంగు పొడిలాంటిది కదులుతోంది. వేలితో నొక్కితే రక్తపు మరక. మరో ఆరు రోజులు కూర్చుంటే పిల్లలు దిగేవి. పదకొండు గుడ్లూ పారబోశాం.

ఊళ్లో వీటన్నిటినీ కోడిపేలు అనే అంటారు. కానీ గంప సందుల్లో ఉన్నది పేను కాదు. పేనుకు ఆరు కాళ్లు. పూర్తిగా పెరిగిన ఈ పురుగుకు సాలీడులా ఎనిమిది. దీన్ని పశువైద్యులు ఎర్ర మైట్ అంటారు. పెద్దదైనా ఒక మిల్లీమీటరుకు మించదు, రక్తం తాగాకే ఎర్రబడుతుంది. ఈ తేడా తెలియకే మందు డబ్బు వృథా అవుతుంది, ఎందుకంటే రెండింటి కాపురాలూ వేరు.

పేను పుట్టడం, పెరగడం, చావడం అన్నీ కోడి ఒంటి మీదే. ఎర్ర మైట్ మాత్రం పగలంతా గంప అల్లికలో, గోడ పగుళ్లలో, కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర చివర్లలో దాక్కుంటుంది. చీకటి పడ్డాక వచ్చి, గంట సేపు రక్తం తాగి, మళ్లీ సందులోకి పోయి గుడ్లు పెడుతుంది. వెచ్చని రోజుల్లో వారం, పది రోజుల్లో ఆ గుడ్లు పెద్ద పురుగులై తయారవుతాయి. కోళ్లు లేని ఖాళీ గూట్లో కూడా నెలల తరబడి ఆకలితో బతికుంటుంది. అందుకే పాత బ్యాచ్ అమ్మేసి, షెడ్డు కొన్నాళ్లు ఖాళీగా పెట్టి, కొత్త పిల్లల్ని దింపినా బెడద మళ్లీ మొదలవుతుంది. పగటిపూట కోడిని పట్టుకుని రెక్కలెత్తి చూసి ఏమీ లేదనుకుంటే మోసపోయినట్టే.

నష్టం మెల్లగా కనబడుతుంది. జుట్టు పాలిపోతుంది, కోళ్లు రాత్రి గూట్లోకి పోకుండా చెట్టెక్కుతాయి, గుడ్డు పెంకు మీద ఎర్రటి చుక్కలు పడతాయి. రోజుకు 80 గుడ్లు వచ్చే షెడ్డులో పది తగ్గాయనుకోండి, నెలకు 300 గుడ్లు పోయినట్టే. మేత ఖర్చు మాత్రం తగ్గదు.

మేము ఆ గంపను గడ్డితో సహా కాల్చేశాం. కర్రలు ఊడదీసి సలసల మరిగే నీళ్లు పోసి ఎండలో వేశాం. గోడ పగుళ్లను సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టాం. వారం తర్వాత వేడినీళ్లు మళ్లీ పోశాం, సందుల్లో మిగిలిన గుడ్లు అప్పటికి పొదుగుతాయి కాబట్టి.

మందు చల్లాల్సి వస్తే కోళ్లకు అనుమతి ఉన్నదే పశువైద్యుడు రాయాలి. పొలం మందు వద్దే వద్దు. 2017లో నెదర్లాండ్స్‌లో ఎర్ర మైట్ కోసం షెడ్లలో చల్లిన మందులో ఫిప్రోనిల్ కలిసినట్టు బయటపడింది. ఆ మందు గుడ్లలోకి దిగడంతో యూరప్ అంతటా లక్షలాది గుడ్లను దుకాణాల నుంచి వెనక్కి రప్పించారు. వరిలో కాండం తొలిచే పురుగుకు మన రైతులు వేసే గుళికల్లో ఉండేదీ ఆ ఫిప్రోనిలే.

గేదె పేల కథ దీనికి తిరగబడి ఉంటుంది. దాని కాపురం పూర్తిగా ఒంటి మీదే, కింద పడితే కొద్ది రోజుల్లో చస్తుంది. కాబట్టి కొట్టం గోడలకు మందు కొట్టి లాభం లేదు. చలికాలంలో దూడల మెడ మీద, తోక కుచ్చులో వెంట్రుకలు విడదీసి చూడండి. తెల్లటి ఈపులు వెంట్రుకకు అతుక్కుని ఉంటాయి. మందు పెద్ద పేలను చంపుతుంది కానీ ఈపులను చంపదు. అందుకే కొట్టంలోని పశువులన్నిటికీ ఒకేసారి పట్టించి, రెండు వారాలకు మళ్లీ పట్టించాలి. ఒక్క దూడను వదిలేసినా దాని నుంచే తిరిగి అంటుకుంటాయి. పాలిచ్చే గేదెకు ఐవర్‌మెక్టిన్ సూది వేయించకూడదు, అది చాలా రోజులు పాలలో దిగుతూనే ఉంటుంది.

మిన్నల్లులది మూడో దారి. పెద్దవి ఒంటి మీద ఉన్నా వాటి పిల్లపురుగులు నేల మీది దుమ్ములో, చెత్తలో పెరుగుతాయి. కోళ్ల కళ్ల చుట్టూ, జుట్టు మీద నల్లటి గుంపులుగా అతుక్కునే రకం ఒకటి ఉంది. దానికి కోడిని చూసుకుంటూనే గూటి కింది మట్టిని కూడా తవ్వి తీసేయాలి.

మా గూట్లో ఎర్ర మైట్ పోయిందో లేదో తెలుసుకోవడానికి రాత్రి తొమ్మిదింటికి తెల్ల గుడ్డ పట్టుకుని వెళ్లాం. కర్ర అడుగున గట్టిగా తుడిస్తే మొదటి వారం గుడ్డ మీద అయిదారు ఎర్ర చారలు పడ్డాయి. రెండోసారి వేడినీళ్లు పోశాక ఒక్కటి. మూడో వారం గుడ్డ తెల్లగానే వచ్చింది, ఆ రాత్రే కొత్త గంపలో ఇసుక పోసి కోడిని మళ్లీ పొదగేశాం.