జనాన్ని చెరపకుండా ఖాళీ చేసే ఫొటో

50 రూపాయల నోటు వెనక ఉన్న హంపి రాతిరథాన్ని, నోటు మీద ఉన్నట్టే ఒక్క మనిషీ అడ్డం లేకుండా ఫొటో తీయాలని చాలామందికి ఉంటుంది. సందర్శకులు నిండిన విఠలాలయంలో అది కుదరదు. ఒకరి సెల్ఫీ అయ్యేలోపే ఇంకొకరు వచ్చి నిలబడతారు. తర్వాత కంప్యూటర్లో క్లోన్ స్టాంపుతో వాళ్లను చెరిపేయవచ్చు. కానీ చక్రానికి అడ్డంగా ఉన్న మనిషిని చెరిపితే అక్కడ అతికేది పక్కనున్న రాయి. శిల్పి ఆ చోట చెక్కిన పని కాదు. నా అభ్యంతరమంతా దాని గురించే.

ఇంకో దారి ఉంది. ఉన్నచోటు నుంచి కదలకుండా, 20 సెకన్లకొకటి చొప్పున 15 ఫొటోలు తీయాలి. గబగబా తీస్తే లాభం లేదు, మనుషులు పక్కకు జరిగే వ్యవధి ఉండాలి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో పెట్టి మళ్లీ ముట్టుకోకూడదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి కాబట్టి, కెమెరాను చేత్తోనే పట్టుకుని ఫ్రేము కొంచెం వెడల్పుగా ఉంచుకుంటే మంచిది. ఫొటోలను ఒకదానిపై ఒకటి సరిచేసేటప్పుడు అంచులు కాస్త పోతాయి.

ఫొటోషాప్‌లో `File > Scripts > Load Files into Stack` తెరిచి, ఫొటోలను సరిచేసే గడినీ, స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసే గడినీ టిక్ చేయాలి. తర్వాత `Layer > Smart Objects > Stack Mode > Median`. అంతే, జనం మాయమవుతారు.

ఎలాగంటే, చక్రం మీద ఒక చుక్కను తీసుకోండి. లెక్క సులువుగా ఉండటానికి తొమ్మిది ఫొటోలే అనుకుందాం. ఆరింటిలో రాయి కనబడింది, దాని వెలుగు 140కి అటూఇటూ. ఒకదానిలో నల్లటి జుట్టు అడ్డొచ్చి 30, రెండింటిలో తెల్లచొక్కా అడ్డొచ్చి 228, 230. తొమ్మిదింటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి నడిమి అంకె తీస్తే 140 వస్తుంది. రాయే మిగిలింది. సగటు తీస్తే మాత్రం దాదాపు 148 వచ్చి, అక్కడ మనిషి నీడలాంటి మరక తేలుతుంది.

కాబట్టి ప్రతి చుక్క దగ్గరా సగానికి పైగా ఫొటోల్లో రాయి కనబడి తీరాలి. గైడు మాటలు వింటూ కదలకుండా నిలబడ్డవాళ్లు పోరు. ఒకే యూనిఫాం వేసుకున్న బడిపిల్లలు ఇంకా ఇబ్బంది. పిల్లలు మారుతున్నా ఆ చోట తెల్లచొక్కా మారదు, దానికే మెజారిటీ వస్తుంది. గాలికి ఊగే ఆకులు, కదిలే మబ్బులు అలుక్కుపోతాయి. మధ్యలో ఎండ మబ్బు పట్టి మళ్లీ కాస్తే, తీసిన ఫొటోలు పక్కనపెట్టి మొదటినుంచీ తీయడమే మేలు.

ఫలితాన్ని నూరు శాతం సైజులో తెరిచి, ముందుగా జనం ఎక్కువసేపు నిలబడ్డ రథం ముందరి నేలను చూడండి. మిగిలిపోయిన పాదాలు, రంగు మరకలు కనబడేది అక్కడే. ఏదైనా ఉంటే, ఆ చోటు ఖాళీగా ఉన్న ఒక ఫొటోను వెతికి, లేయర్ మాస్కుతో అంత ముక్కే పైన వేయాలి. పదిహేనింటిలో ఒక్కదానిలో ఖాళీ దొరికినా చాలు.