తొలి ముద్దతోనే క్యాప్సూల్

తిన్నది ఒంటికి పట్టడం లేదని, బరువు తగ్గుతున్నామని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు కానీ మలం ఎలా వస్తోందో చెప్పడానికి సిగ్గుపడతారు. దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌లో డాక్టరుకు ముందుగా కావలసింది ఆ సంగతే. మలం లేతరంగులో, జిడ్డుగా, భరించలేని వాసనతో వస్తూ, నీళ్ళు పోసినా పళ్ళాన్ని వదలకపోతే కొవ్వు అరగడం లేదన్నమాట. అయితే క్లోమం నుంచి వచ్చే లైపేజ్ ఎంజైమ్ దాదాపు పదో వంతుకు పడిపోయేదాకా ఈ గుర్తులు కనిపించకపోవచ్చు.

నిర్ధారణకు కొద్దిపాటి మలంతో ఎలాస్టేజ్ పరీక్ష చేస్తారు. గ్రాము మలంలో 200 మైక్రోగ్రాములకు పైన ఉంటే మామూలు, 100 లోపు ఉంటే లోపం ఉన్నట్టే, మధ్యలో ఉంటే సందేహమే. నీళ్ళ విరేచనాలప్పుడు ఇస్తే ఎలాస్టేజ్ పలచబడి, లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నలభై ఏళ్ళు దాటిన ఒకాయనకు ఎలాస్టేజ్ 60 వచ్చింది. భోజనానికి 25,000 యూనిట్ల లైపేజ్ క్యాప్సూళ్ళు రెండు, చిరుతిండికి ఒకటి రాశారు. నెలైనా జిడ్డు పోలేదు. మందు పనిచేయడం లేదనుకునే ముందు డాక్టరు ఆయన్ను ఓ వారం నోటుపుస్తకం రాయమన్నారు: ఎప్పుడు, ఏం తిన్నారు, నూనె నెయ్యి ఏపాటి, క్యాప్సూళ్ళు ఎన్ని, తినేముందు వేశారా మధ్యలోనా చివర్లోనా, మలం ఎలా ఉంది.

పుస్తకం చదవగానే లోపం బయటపడింది. గ్యాస్ మాత్రలాగే ఈ క్యాప్సూళ్ళనూ ఆయన తినడానికి అరగంట ముందే వేసుకుంటున్నారు. పప్పూ నెయ్యీ వేపుడూ కడుపులోకి చేరేసరికి ఎంజైమ్ ముందే వెళ్ళిపోతోంది. సాయంత్రం బజ్జీలను తిండి కింద లెక్కే వేయలేదు కాబట్టి వాటికి క్యాప్సూలే లేదు. అప్పటినుంచి తొలి ముద్దతో ఒకటి, సగం భోజనంలో ఇంకొకటి, బజ్జీలతో ఒకటి వేసుకోమన్నారు. నమలకుండా మింగాలి. లోపలి గుళికలకు ఉన్న పూత నలిగితే జీర్ణాశయంలోని ఆమ్లం ఎంజైమ్‌ను పాడుచేస్తుంది. చాలామంది భయపడి నూనె మానేస్తారు. దానివల్ల బరువు ఇంకా తగ్గుతుంది. తిండి తగ్గించడం కాదు, తిండికి తగ్గట్టు ఎంజైమ్ వేయడమే ఇక్కడ చికిత్స.

కొన్ని వారాలకు జిడ్డు తగ్గి బరువు నిలబడింది. గుణం తెలుసుకోవడానికి మళ్ళీ ఎలాస్టేజ్ చేయించాలని ఆయన అడిగారు గానీ అక్కర్లేదు. ఆ పరీక్ష మన క్లోమం తయారుచేసేదాన్నే కొలుస్తుంది. క్యాప్సూళ్ళు పందుల క్లోమం నుంచి తీసినవి కాబట్టి అందులో కనిపించవు. బరువు, మలం తీరు, రక్తంలో డి లాంటి విటమిన్ల స్థాయి చూసుకుంటే సరిపోతుంది. వేళ సరిగ్గా పాటించినా జిడ్డు పోకపోతే డాక్టరు డోసు పెంచుతారు, లేదా ఆమ్లం తగ్గించే మాత్ర కలుపుతారు. అదీ కుదరకపోతే పేగులో బ్యాక్టీరియా పెరిగిందేమో చూస్తారు.