తెల్ల పలక మీద ఎర్ర మచ్చ

డిగ్రీ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ ల్యాబ్, మధ్యాహ్నం బ్యాచ్. ఆ అమ్మాయి రఫ్ నోట్సులో నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి: 19.9, 19.7, 20.2, 19.8. అన్నీ మిల్లీలీటర్లు. ఆమ్లం ఒకే సీసాలోది, సోడా ద్రావణం ఒకే ఫ్లాస్కులోది, చేసిందీ ఒకే చెయ్యి. అయినా ఏ రెండూ కలవలేదు.

"రెండు రీడింగులు కలిస్తేనే సంతకం" అని మేడమ్ ముందే చెప్పేశారు.

అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ మధ్య తేడా అర మిల్లీలీటరు. వంటింట్లో అయితే ఎవరూ పట్టించుకోరు, టీస్పూనులో పదో వంతు. బ్యూరెట్ ముందు నిలబడ్డవాళ్లకు మాత్రం అది దాదాపు పది చుక్కలు. ఒక్క చుక్క తేడాతో రంగు మారే చోట పది చుక్కలు చాలా ఎక్కువ.

ఆమె చేస్తున్నది మన డిగ్రీ, ఇంటర్ ల్యాబుల్లో అందరూ చేసే ప్రయోగమే. సీసాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంది, అది ఎంత గాఢంగా ఉందో తెలియదు. మరో ఫ్లాస్కులో సోడియం కార్బనేట్ ద్రావణం, అంటే సోడా నీళ్లు. అందులో లీటరుకు కచ్చితంగా 5.3 గ్రాముల సోడా ఉందని తెలుసు. పిపెట్‌తో 20 మిల్లీలీటర్ల సోడా నీళ్లు కోనికల్ ఫ్లాస్కులోకి తీసి, రెండు చుక్కలు మిథైల్ ఆరెంజ్ వేస్తే పసుపు రంగు వస్తుంది. పైనున్న బ్యూరెట్‌లోంచి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే ఒక దశలో ఒక్క చుక్కకు పసుపు పోయి నారింజ ఎరుపు వస్తుంది. అక్కడ ఆపాలి. బ్యూరెట్‌లో ఎంత దిగిందో చూసుకుంటే సోడా మొత్తాన్ని హరించడానికి ఎంత ఆమ్లం పట్టిందో తెలుస్తుంది, దాన్నుంచి ఆమ్లం గాఢత లెక్క కట్టవచ్చు.

19.6 మిల్లీలీటర్లు పడితే లీటరు ఆమ్ల ద్రావణంలో 3.72 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నట్టు. 20.2 పడితే 3.61 గ్రాములే ఉన్నట్టు. ఎక్కువ పట్టిందంటే ఆమ్లం అంత పలచనదని అర్థం కదా. సీసా ఒక్కటే, అందులోని ఆమ్లం ఒకసారి పలచబడి మరోసారి చిక్కబడదు.

ఆమె ముందుగా తన కళ్లనే అనుమానించింది. పసుపు ఎక్కడ పోయి నారింజ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కొత్తవాళ్లకు కష్టమే. అందుకని నాలుగో సారి చేసిన ఫ్లాస్కును పారబోయకుండా పక్కన పెట్టుకుని, దాని రంగుతో పోల్చి చూసుకుంది. తర్వాత రీడింగు చూసే తీరు. బ్యూరెట్‌లో ద్రవం పైభాగం గిన్నెలా లోపలికి వంగి ఉంటుంది. కంటిని ఆ వంపు అడుగుకు సమానమైన ఎత్తులో పెట్టి చూడాలి, పైనుంచో కిందినుంచో చూస్తే అంకె మారుతుంది. స్టూలు జరుపుకుని మరీ చూసింది. బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉందేమో చూసింది, లేదు. ఆమ్లం పోసిన గరాటును పైనే వదిలేసిందా? లేదు. వదిలేసినా దాన్నుంచి జారే చుక్కలు బ్యూరెట్‌లోకే చేరి, ఆమ్లం తక్కువ పట్టినట్టు చూపిస్తాయి. ఏ తప్పు అంకెను పైకి నెడుతుందో, ఏది కిందికి లాగుతుందో తెలిస్తే వెతుకులాటలో సగం పని తగ్గుతుంది. కానీ అసలు సరైన అంకె ఏదో అప్పటికి ఆమెకు తెలియదు.

"ఎందుకే ఇంత తిప్పలు? 19.8, 19.8 అని రాసెయ్. సీనియర్ల రికార్డుల్లో ఎప్పుడైనా చూశావా కలవని రీడింగులు?" అంది పక్కనున్న స్నేహితురాలు.

ఆమె అన్నది అబద్ధం కాదు. ల్యాబ్ రికార్డు ఏది తెరిచినా రెండో వరస, మూడో వరస అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. వాటిలో ఎన్ని బ్యూరెట్ చెప్పినవో, ఎన్ని పెన్ను చెప్పినవో ఆ పెన్నుకే తెలియాలి.

పోనీ సగటు తీస్తే? నాలుగింటి సగటు 19.9. కాగితం మీద ముచ్చటగానే ఉంది. అంకెలు అటూ ఇటూ చెదిరినప్పుడు సగటు మంచి మందే. అన్నీ ఒకే వైపుకు ఒరిగినప్పుడు మాత్రం అది ఆ ఒరుగును అలాగే మోసుకొస్తుంది. ఈ సగటు అసలు విలువకంటే 0.3 ఎక్కువగా ఉందని తర్వాత తేలింది.

గుట్టు బయటపెట్టింది మిథైల్ ఆరెంజే. ఐదోసారి మొదలుపెట్టేముందు డ్రాపర్ జారి నాలుగైదు చుక్కలు బ్యూరెట్ కిందున్న తెల్ల పింగాణీ పలక మీద పడ్డాయి. పలక ఎలాగూ ఫ్లాస్కులు కడిగిన నీళ్లతో తడిగానే ఉంది. తుడుద్దామని గుడ్డ తీసుకుని చూస్తే, అంచున పడ్డ చుక్కలు పసుపుగానే ఉన్నాయి. సరిగ్గా బ్యూరెట్ ముక్కు కిందున్న చోట మాత్రం ఎర్రటి మచ్చ. మిథైల్ ఆరెంజ్ ఎర్రబడిందంటే అక్కడ ఆమ్లం ఉన్నట్టే. పలక మీద ఆమె ఆమ్లం పోయలేదు.

తలెత్తి చూసింది. కుళాయి మూసే ఉంది. ముక్కు చివర ఒక చుక్క వేలాడుతోంది. ఫిల్టర్ పేపర్ ముక్కతో దాన్ని అద్దేసి గడియారం చూసుకుంటూ నిలబడింది. అర నిమిషం గడిచేసరికి మరో చుక్క నిండి కింద పడింది. ఆమ్లానికి రంగు లేదు, పలక తడిగా ఉంది, చుక్క అర నిమిషానికి ఒకటి. ఇక ఎవరి కంట పడుతుంది!

ఆమ్లం తీసేసి, బ్యూరెట్ కడిగి, సున్నా గీత దాకా నీళ్లు నింపి, ముక్కు తుడిచి పది నిమిషాలు కదపకుండా వదిలేసింది. నీటి మట్టం ఒక మిల్లీలీటరు దిగింది. కుళాయి బిరడాను సగం చుట్టు తిప్పి మళ్లీ మూసి చూస్తే ఈసారి 0.3 దిగింది. బిరడా ఏ వైపున ఉందన్నదాన్ని బట్టి కారడం మారుతోందంటే లోపం గాజు గొట్టంలో లేదు, బిరడా కూర్చున్న చోటే ఉంది.

కారితే కారింది, ప్రతిసారీ ఒకేలా తప్పు రావాలి కదా, రీడింగులు ఎందుకు మారాయి? ఈ కథలో అసలు చూడవలసింది ఇదే. టైట్రేషన్ జరుగుతున్నంతసేపు కింద ఫ్లాస్కు ఉంటుంది. అప్పుడు కారిన చుక్క ఫ్లాస్కులోనే పడి సోడాతో కలుస్తుంది, లెక్కలోకీ వస్తుంది. దానివల్ల నష్టం లేదు. నష్టమంతా ఫ్లాస్కు కింద లేని వేళల్లో. సున్నా చూసుకుని రాసుకున్నాక ఫ్లాస్కు పెట్టేదాకా పలక మీద పడ్డ ప్రతి చుక్కా సోడాను హరించకుండానే హరించినట్టు అంకెలో చేరిపోతుంది. రంగు మారాక రీడింగు చూసేదాకా రాలిన చుక్కలదీ అదే దారి.

ఆ లెక్కన వెనక్కి గుర్తు చేసుకుంటే నాలుగు అంకెలూ వాటంతటవే విడిపోయాయి. మొదటిసారి సున్నా చూసుకున్నాక తీరిగ్గా పిపెట్ పట్టింది, సుమారు మూడు నిమిషాలు. రెండోసారి అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒక నిమిషం. మూడోసారి పిపెట్ పక్కవాళ్ల దగ్గర ఉండటంతో ఆరు నిమిషాలు ఆగాల్సి వచ్చింది. నాలుగోసారి ఫ్లాస్కు కడగడానికి రెండు నిమిషాలు. నిమిషానికి రెండు చుక్కలు, అంటే 0.1 మిల్లీలీటరు. 19.9లోంచి 0.3, 19.7లోంచి 0.1, 20.2లోంచి 0.6, 19.8లోంచి 0.2 తీసేస్తే నాలుగూ 19.6 దగ్గరకే వస్తాయి.

అలాగని ఈ దిద్దిన అంకెను రికార్డులో రాయడానికి లేదు. నిమిషాలు ఆమె గుర్తు మీద చెప్పినవి. పైగా కారే వేగం స్థిరంగా ఉండదు. బ్యూరెట్ నిండుగా ఉన్నప్పుడు పైనున్న ద్రవం బరువు ఎక్కువ కాబట్టి చుక్కలు తొందరగా పడతాయి, మట్టం దిగేకొద్దీ నెమ్మదిస్తాయి. కాబట్టి ఆ లెక్క కారణం ఇదేనని నమ్మకం కలిగించడం వరకే పనికొస్తుంది. విలువ కావాలంటే ప్రయోగం మళ్లీ చేయాల్సిందే.

కుళాయిల తలనొప్పి కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో కార్ల్ ఫ్రెడరిక్ మోర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గాజు కుళాయి లేకుండానే పని జరిగేలా, బ్యూరెట్ కింద రబ్బరు గొట్టం తగిలించి దాన్ని క్లిప్పుతో నొక్కి పట్టే పద్ధతి తెచ్చాడు. మన విద్యార్థులు ఇదే ల్యాబులో వాడే మోర్ లవణానికి ఆయన పేరే పెట్టారు. టైట్రేషన్ల మీద ఆయన రాసిన పాఠ్యగ్రంథం 1855లో వచ్చింది. రబ్బరుకూ తన బాధలున్నాయి. పర్మాంగనేట్ దాన్ని తినేస్తుంది, పాతబడితే పగుళ్లిస్తుంది. అందుకే గాజు కుళాయి పోలేదు. ఇప్పుడు గ్రీజు అక్కర్లేని టెఫ్లాన్ బిరడాలు వచ్చాయి, కానీ పాత ల్యాబుల బీరువాల్లో గాజువి ఇంకా ఉన్నాయి.

ల్యాబ్ అటెండర్ బిరడాను బయటికి లాగి వెలుతురులో పట్టి చూశాడు.

"ఇది దీనిది కాదమ్మా. పోయిన వారం అన్నీ ఊడదీసి ఒకే తొట్టిలో కడిగాం. కలిసిపోయుంటాయి."

పాత గాజు బ్యూరెట్లలో బిరడాను దాని గూట్లోనే అరగదీసి జత కుదురుస్తారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా ఒకదాని బిరడా మరోదానిలో అంత బిగువుగా కూర్చోదు. వెంట్రుక వాసి సందున్నా చాలు, ద్రవం దారి వెతుక్కుంటుంది. వాజిలిన్ దట్టంగా పూస్తే ఆ సందు కాసేపు మూసుకుంటుంది, కానీ ఎక్కువైన వాజిలిన్ జారి ముక్కులోని సన్న రంధ్రంలో అడ్డం పడుతుంది. బిరడా మధ్యలోని రంధ్రానికి తగలకుండా రెండు చివర్లా పలచగా పూయాలి. అప్పుడు కూడా జత సరైనదై ఉండాలి.

అటెండర్ నాలుగైదు బిరడాలు మార్చి చూశాడు. ఒకటి తిప్పగానే నూనె వేసినట్టు మెత్తగా తిరిగి బిగిసింది. మళ్లీ నీళ్లు, మళ్లీ పది నిమిషాలు. మట్టం కదల్లేదు. ఆమె బ్యూరెట్‌ను ఆమ్లంతో తొలిచి, నింపి, చేసింది. 19.6. ఇంకోసారి, 19.6. పాత నాలుగు రీడింగులను చెరిపేయకుండా ఒక్కో అడ్డగీత కొట్టి పక్కన "బ్యూరెట్ కారింది" అని రాసింది.

సరైన బిరడా దొరికింది పక్క బెంచీ బ్యూరెట్‌లో. అంటే ఇంతసేపూ అదీ కారుతూనే ఉందన్నమాట. అక్కడ చేసిన కుర్రాడు మహా పద్ధతి మనిషి. ప్రతిసారీ సున్నా చూసుకుని, పిపెట్ పట్టి, మిథైల్ ఆరెంజ్ వేసి, అదే వరసలో అంతే సమయంలో పని ముగిస్తాడు. ఆమ్లం అదే సీసాలోది. అతని పేజీలో రీడింగులు 20.0, 20.0. కింద ఎర్ర సిరాతో సంతకం, ఆ రోజు తేదీ.