బాణం దేనితో పోలుస్తోంది?

రెండేళ్ల కిందట, ఎండాకాలంలో, ఒక పాల సంఘం నెలవారీ సమావేశం. తెర మీద ఒకే స్లైడు, అందులో వరసగా నాలుగు డబ్బాలు. ఒక్కో డబ్బాలో పెద్ద అంకె, దాని కింద బాణం, ఇంకా కింద సన్నటి గీత. మూడో డబ్బాలో విరిగిపోయి పారబోసిన పాల లెక్క ఉంది. దాని బాణం పైకి చూస్తోంది, రంగు ఆకుపచ్చ. చూసినవాళ్లు బాగుందన్నట్టు తలలూపారు. మాట తరవాతి విషయం మీదికి వెళ్లిపోయింది. పారబోసిన పాలు నిరుటికంటే పెరిగాయన్న సంగతి తెర మీదే ఉంది, కానీ ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ స్లైడు చేసింది నేనే. తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి వెతికితే ఎక్సెల్‌లో దొరికింది. శాతాల గడులన్నిటికీ ఒకే ఫార్మాట్ పెట్టేశాను.

```
[Color10]▲ 0.0%;[Red]▼ 0.0%
```

అంకె పెరిగితే పచ్చ బాణం, తగ్గితే ఎర్ర బాణం. నాలుగు గడులకూ ఒకసారే పెట్టేయవచ్చు, పని చిటికెలో అయిపోతుంది. అయితే పెరగడం ఎక్కడ మంచిదో ఎక్కడ చెడ్డదో ఆ ఫార్మాట్‌కు తెలియదు. అది తెలిసిన మనిషిని నేను, ఆ నిర్ణయాన్ని ఎక్సెల్‌కు వదిలేశాను.

ఇలాంటి స్లైడును ఆఫీసుల్లో డాష్‌బోర్డు స్లైడు అంటారు. ఒక్కో డబ్బా ఒక కేపీఐ కార్డు, అంటే సంస్థ నడక ఎలా ఉందో చెప్పే ఒక ముఖ్యమైన కొలత. చూడ్డానికి చాలా తేలిక. నాలుగు డబ్బాలు గీయడానికి పావుగంట చాలు. అసలు పనంతా ఆ చిన్న బాణం దగ్గరే ఉంది. అది దేనితో పోల్చి చెబుతోంది, ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్న రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోకుండా బాణం గీయకూడదు.

ఆ సంఘం స్లైడునే తీసుకుందాం. అంకెలు కాస్త మార్చి, లెక్కకు తేలికయ్యేలా చెబుతున్నాను. మే నెలలో రోజుకు సగటున 18,400 లీటర్ల పాలు వచ్చాయి. ఏప్రిల్‌లో ఆ సగటు 20,100. నెలతో నెల పోలిస్తే 8.5 శాతం తగ్గుదల, బాణం కిందికి. మరి నిరుడు మేలో ఎంత? 17,200. దానితో పోలిస్తే 7 శాతం పెరుగుదల, బాణం పైకి. అంకె ఒకటే, బాణాలు రెండు, రెండూ నిజమే.

ఏది వేయాలో గేదెలు చెబుతాయి. మన వైపు గేదెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం లోపు ఈనుతాయి. నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో పాలు పొంగిపొర్లుతాయి. ఎండలు ముదిరి పచ్చిమేత కరువయ్యేసరికి పాలు పడిపోతాయి. ప్రతి ఏడూ ఏప్రిల్ కంటే మేలో పాలు తక్కువే వస్తాయి. అలాంటప్పుడు కిందికి చూసే బాణం సంఘం గురించి ఏమీ చెప్పదు, ఎండాకాలం వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఋతువులతో మారే లెక్క ఏదైనా సరే, పాలైనా కరెంటు వాడకమైనా బడి ఫీజుల వసూలైనా, నిరుటి ఇదే నెలతో పోల్చడమే న్యాయం. ఆ మాట స్లైడు అడుగున ఒక వరసలో రాయాలి: 'బాణాలన్నీ నిరుడు మే నెలతో పోలిక.' ఆ వరస లేని స్లైడులో ఎవరికి తోచిన పోలిక వాళ్లు ఊహించుకుంటారు.

నెల మొత్తం లీటర్లు కాకుండా రోజు సగటు వేయడానికీ ఇలాంటి కారణమే ఉంది. ఫిబ్రవరికి 28 రోజులు, మార్చికి 31. మొత్తం లీటర్లు వేస్తే, రైతులు రోజూ అంతే పాలు పోసినా మార్చిలో బాణం పైకి లేస్తుంది.

ఇక రంగు. బాణం చూసే దిక్కు అంకెది, రంగు మన తీర్పు. ఈ రెండింటినీ విడివిడిగా ఉంచాలి. మన నాలుగు కార్డుల్లో పాల సేకరణ పెరిగింది, మంచిదే. వెన్న శాతం 6.2 నుంచి 6.4కు పెరిగింది, అదీ మంచిదే. విరిగిన పాలు రోజుకు 240 లీటర్ల నుంచి 310కి పెరిగాయి, చెడ్డది. రైతు ఖాతాలో బిల్లు పడటానికి పట్టే రోజులు 15 నుంచి 12కు తగ్గాయి, మంచిది. కొందరు చెడ్డ వార్త కాబట్టి విరిగిన పాలకు కింది బాణం పెడతారు. అది ఇంకా పెద్ద తప్పు. అంకె పెరిగితే బాణం పైకే చూడాలి, లేకపోతే చదివేవాడు ఏ కార్డునూ నమ్మలేడు.

ఎరుపు, ఆకుపచ్చ జంటను నేనిప్పుడు వాడటం లేదు. ఈ రెండు రంగుల తేడా కనబడని మనుషులున్నారు, మగవాళ్లలో మరీ ఎక్కువ. పాత ప్రొజెక్టరు మీద, కిటికీలు తెరిచిన గదిలో మామూలు కళ్లకు కూడా రెండూ మాసిపోతాయి. మంచికి నీలం, చెడ్డకు నారింజ వాడుతున్నాను. పక్కనే మాట కూడా రాస్తాను: '▲ 70 లీటర్లు ఎక్కువ'. రంగు కనబడకపోయినా మాట కనబడుతుంది. పవర్‌పాయింట్‌లో View కింద Grayscale నొక్కితే రంగులు పోయి బూడిదరంగులో స్లైడు కనిపిస్తుంది. అప్పుడూ ఏ కార్డు కలవరపెట్టాలో తెలుస్తోందంటే స్లైడు సిద్ధమైనట్టే.

మార్పును ప్రతిచోటా శాతంలో చెప్పాలన్న నియమమేమీ లేదు. వెన్న శాతం 6.2 నుంచి 6.4కు పెరిగితే '0.2 శాతం పెరిగింది' అని రాస్తే లెక్క తప్పు. పెరిగింది 0.2 పాయింట్లు. శాతం లెక్కలో అయితే అది 3 శాతం పైమాటే. కార్డు మీద 'నిరుడు 6.2' అని రాసేస్తే ఈ తికమకే ఉండదు. బిల్లు రోజులకు కూడా '20 శాతం తగ్గింది' కంటే '3 రోజులు తగ్గింది' అన్నదే రైతు బిడ్డ ఎవరికైనా అర్థమవుతుంది.

గీత సంగతికొద్దాం. మాటల మధ్య ఇమిడిపోయే ఇలాంటి చిన్న గీతకు స్పార్క్‌లైన్ అని పేరు పెట్టింది ఎడ్వర్డ్ టఫ్టీ అనే అమెరికా పండితుడు. 2006లో వచ్చిన తన పుస్తకంలో దాని గురించి విడిగా ఒక అధ్యాయమే రాశాడు. ఎక్సెల్‌లోకి ఈ సదుపాయం 2010 కూర్పుతో వచ్చింది. పవర్‌పాయింట్‌లో లేదు. అందుకని మామూలు లైన్ చార్టు పెట్టి, దాని శీర్షిక, గడుల గీతలు, అక్షరాలు అన్నీ తీసేసి గీతను మాత్రం మిగుల్చుకోవాలి.

గీతకు ఎన్ని నెలలు? చాలామంది పన్నెండు వేస్తారు. నేను పదమూడు వేస్తాను. నిరుడు మేతో మొదలై ఈ మేతో ముగుస్తుంది కాబట్టి, బాణం పోలుస్తున్న రెండు నెలలూ గీతకు రెండు కొసల్లో కనిపిస్తాయి. ఆ రెండు కొసలకూ చెరో చుక్క పెడితే చాలు. సేకరణ గీత 17,200 దగ్గర బయలుదేరి, డిసెంబరులో 25,800 దాకా ఎక్కి, మళ్లీ 18,400కు దిగుతుంది. నడుమ గుట్ట ఋతువుది, కొసల తేడా సంఘానిది. పన్నెండు నెలలే వేస్తే నిరుటి చుక్క ఉండదు, బాణానికి సాక్ష్యం ఉండదు.

ఈ గీతలోనే ఒక మోసం దాగి ఉంటుంది. వెన్న శాతం పదమూడు నెలల్లో 6.2కూ 6.7కూ మధ్యే కదిలింది. స్కేలును పవర్‌పాయింట్‌కే వదిలేస్తే అది దాదాపు 6 దగ్గర మొదలుపెట్టి ఆ అరపాయింటును కార్డంతా సాగదీస్తుంది. పక్క కార్డులో ఎనిమిది వేల లీటర్ల గుట్ట, ఇక్కడ అరపాయింటు గుట్ట, చూడ్డానికి ఇదీ చిన్నదేమీ కాదు! మందు ఏమిటంటే Format Axis లోకి వెళ్లి Minimum, Maximum మనమే ఇవ్వడం. వెన్నకు 5, 8 ఇచ్చాను. అప్పుడు గీత దాదాపు సమంగా సాగుతుంది, నిజంగా జరిగింది కూడా అదే. అంకెలు కనబడకూడదంటే ఆక్సిస్‌ను డిలీట్ చేయకండి, Label Position ను None చేసి గీతను No line చేయండి. డిలీట్ చేస్తే వచ్చే నెల ఆ హద్దులు మార్చడానికి దాన్ని మళ్లీ తెచ్చుకోవాల్సి వస్తుంది. హద్దులు చేత్తో ఇచ్చాక నెలనెలా చూసుకోవాల్సిందీ ఒకటుంది. కొత్త అంకె హద్దు దాటితే గీత అంచు దగ్గర తెగిపోతుంది, ఎవరూ హెచ్చరించరు.

కొలతలు చకచకా చెప్పేస్తాను. వెడల్పు స్లైడు 13.33 అంగుళాలు. కార్డు వెడల్పు 2.8, నడుమ సందు 0.3. ఎడమ అంచు నుంచి 0.6, 3.7, 6.8, 9.9 అంగుళాల దగ్గర నాలుగు కార్డులూ మొదలవుతాయి. ఒక కార్డును పూర్తిగా తయారుచేసి, అందులోవన్నీ గ్రూప్ చేసి, Ctrl+D తో మూడు నకళ్లు తీసి ఈ స్థానాలు ఇవ్వండి. ఒక్కొక్కటీ విడిగా గీస్తే వెంట్రుకవాసి తేడాలు వస్తాయి, కంటికి అవి గుచ్చుకుంటాయి. అంకెకు 44 పాయింట్లు. పేరుకు, మార్పు వరసకు 18కి తగ్గవద్దు. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉన్నాయి. ఇంగ్లీషుకు సరిపోయే 12, 14 పాయింట్లలో వత్తులు చివరి బెంచీకి కనబడవు. వరసల మధ్య ఎడం కూడా 1.2 దాకా పెంచాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. 'విరిగిపోయి పారబోసిన పాల పరిమాణం' అని రాస్తే రెండు వరసలు పడుతుంది. 'విరిగిన పాలు' చాలు.

శీర్షికలో 'మే నెల పనితీరు' అని రాయడం కాగితం వృథా. కొత్త స్లైడుకు ఇలా రాశాను: 'పాలు పెరిగాయి, విరిగే పాలు ఇంకా వేగంగా పెరిగాయి.' సేకరణ 7 శాతం పెరిగితే విరిగినవి 29 శాతం పెరిగాయి మరి. మూడు కార్డుల్లో బాణాలు లేత నీలం, గీతలు బూడిదరంగు. నారింజ ఒక్క కార్డులోనే, ఒక్కచోటే.

ఆ స్లైడును తరవాతి సమావేశంలో వేశాను. పాలకవర్గ సభ్యుడొకాయన కళ్లజోడు సవరించుకుని, "ఏమయ్యా, ఈ 310 లీటర్లు ఏ ఊరి కేంద్రంవి?" అని అడిగారు. దానికి జవాబు కార్డులో ఉండదు, ఉండనక్కర్లేదు. కేంద్రాలవారీ పట్టిక రెండో స్లైడులో ఉంది. పాలు చల్లబరిచే బల్క్ కూలర్ రోజూ సాయంత్రం కరెంటు కోతకు ఆగిపోతున్న రెండు ఊళ్ల నుంచే అందులో సగానికి పైగా వస్తున్నాయి.