పన్నెండో కడ్డీ ఏం చెబుతోంది?

అడ్డంగా ఒక గీత. దాని మీద దువ్వెన పళ్ళలా నిలబడ్డ కడ్డీలు. పైన ఒకటి, కింద ఒకటి చుక్కల గీతలు. నెలవారీ లెక్కలతో భవిష్యత్తును అంచనా వేసేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే బొమ్మ ఇది. పేరు కోరెలోగ్రామ్. చుక్కల గీత దాటిన కడ్డీ కనిపించగానే ‘సంబంధం ఉంది’ అనేసి ముందుకు సాగిపోవడం మామూలు. కానీ ఆ కడ్డీల్లో చాలావాటికి మనం అనుకునే అర్థం ఉండదు.

దీన్ని నేర్పడానికి ప్రపంచమంతా వాడే పాత లెక్క ఒకటుంది. 1949 జనవరి నుంచి 1960 డిసెంబరు దాకా అంతర్జాతీయ విమానాల్లో నెలనెలా ప్రయాణించిన వాళ్ళ సంఖ్య, వేలల్లో. మొత్తం 144 నెలలు. జార్జ్ బాక్స్, గ్విలిమ్ జెంకిన్స్ 1970లో అచ్చేసిన పుస్తకంతో ఇది ప్రసిద్ధికెక్కింది. మొదటి నెల 112 వేల మంది, చివరి నెల 432 వేల మంది. ఏటా జూలై, ఆగస్టుల్లో రద్దీ, నవంబరు వచ్చేసరికి పలచన. ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క ముందే ఉంటుంది కాబట్టి బొమ్మ గీయడానికి ఒక్క వరుస చాలు:

```
acf(AirPassengers, lag.max = 36)
```

ఒక్కో కడ్డీ ఒక్కో ఎడానికి గుర్తు. ఎడం 1 అంటే ప్రతి నెలనూ దాని ముందు నెలతో జతకట్టడం, ఎడం 12 అంటే నిరుటి అదే నెలతో జతకట్టడం. జతలోని రెండు అంకెలూ సగటుకు ఒకే వైపున ఉంటే కడ్డీ పైకి లేస్తుంది, చెరో వైపున ఉంటే కిందికి దిగుతుంది. కడ్డీ ఎత్తు ఎప్పుడూ 1కీ −1కీ మధ్యే ఉంటుంది. దీన్నే స్వయం సహసంబంధం, వాడుకలో ఆటోకోరిలేషన్ అంటారు.

బొమ్మ చదివే ముందు అడుగు గీత మీది అంకెలు చూడాలి. నెలవారీ లెక్క అని తెలిస్తే ‘ఆర్’ అక్కడ నెలలు కాదు, సంవత్సరాలు రాస్తుంది. 1.0 అని ఉన్నచోటే పన్నెండు నెలల ఎడం. దాన్ని ఒక నెల ఎడమనుకుంటే ఆపైన చెప్పేదంతా తప్పే. ఎడమ అంచున నిండుగా 1 ఎత్తున నిలబడ్డ కడ్డీ ఎడం సున్నాది, అంటే ప్రతి నెలకూ తనతో తనకున్న సంబంధం. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇక `lag.max` రాయకపోతే 144 నెలల లెక్కకు 21 కడ్డీలు గీసి ఆపేస్తుంది. రెండో ఏడాది శిఖరం, అంటే ఇరవై నాలుగోది, కనిపించకుండానే పోతుంది.

ఇప్పుడు కడ్డీల సంగతి. మొదటిది 0.95. అక్కడి నుంచి మెల్లగా దిగుతూ ఎనిమిదో కడ్డీకి 0.66. మళ్ళీ పెరిగి పన్నెండో దగ్గర 0.76. మళ్ళీ జారి, ఇరవై నాలుగో దగ్గర 0.53తో ఇంకో చిన్న గుట్ట. చుక్కల గీతలు సుమారు 0.16 దగ్గర, సున్నాకు పైనా కిందా ఉంటాయి. 1.96ను నెలల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చే అంకె అది. ఇరవై నాలుగు కడ్డీలూ దాన్ని దాటి చాలా ఎత్తులో ఉన్నాయి.

అయితే పోయిన నెలకూ ఈ నెలకూ అంత గట్టి బంధం ఉన్నట్టేనా? ఈ 144 నెలల సగటు 280 వేలు. 1949 నుంచి 1953 దాకా ఒక్క నెల కూడా ఆ సగటును అందుకోలేదు. 1957 నుంచి 1960 దాకా ఒక్క నెల కూడా దాని కిందికి రాలేదు. కాబట్టి దగ్గరదగ్గర నెలలు రెండింటిని ఎక్కడ పట్టుకున్నా దాదాపు ఎప్పుడూ అవి సగటుకు ఒకే వైపున పడతాయి. కడ్డీలు ఎత్తుగా ఉన్నది ముఖ్యంగా అందుకే. అవి చెబుతున్నది ‘ఈ లెక్క ఏళ్ళ తరబడి ఎక్కుతూ పోయింది’ అన్న ఒక్క మాట. ఆ మాట మామూలు గ్రాఫ్ చూసినా తెలుస్తుంది. మెల్లగా, తొందరలేకుండా దిగే కడ్డీల వరుస కనిపిస్తే దాన్ని ఎదుగుదలకు గుర్తుగానే చదవాలి.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. మొదటి కడ్డీ 0.95, పన్నెండోది 0.76 కాబట్టి వచ్చే నెలను అంచనా వేయడానికి నిరుటి అదే నెలకంటే పోయిన నెలే మేలు అనిపిస్తుంది. నిజం దానికి తలకిందులు. ప్రతి నెలనూ నిరుటి అదే నెలతో జతకట్టి మామూలు సహసంబంధం లెక్కిస్తే అది 0.99 దగ్గర తేలుతుంది. కోరెలోగ్రామ్ మొత్తానికీ ఒకే సగటు వాడుతుంది. పైగా ఎడం పెరిగి జతలు తగ్గినా భాగించే అంకెను తగ్గించదు. అందుకని ఎదుగుతున్న లెక్కలో ఎడం పెరిగేకొద్దీ కడ్డీ దానంతటదే పొట్టిదవుతుంది. పన్నెండో కడ్డీని మొదటిదానితో పోల్చకూడదు, తన ఇరుగుపొరుగున ఉన్న పదకొండు, పదమూడులతో పోల్చాలి. వాటికంటే పైకి పొడుచుకొచ్చిందా లేదా అన్నదే ప్రశ్న.

కాబట్టి ముందు ఎదుగుదలను, రుతువును తీసేసి, మిగిలినదాని బొమ్మ గీయాలి. 1949లో అన్నింటికంటే తక్కువ నెలకూ ఎక్కువ నెలకూ తేడా 44 వేలు, 1960లో 232 వేలు. ఊపు ప్రయాణికుల సంఖ్యతోపాటే పెరుగుతోంది. ఇలాంటిచోట సంఖ్యల్లో కాకుండా శాతాల్లో ఆలోచించాలి. సంవర్గమానం, అంటే లాగరిథం, తీసుకోవడం అందుకే. తర్వాత ప్రతి నెల నుంచి ముందు నెలను తీసేస్తే ఆ నెల పెరుగుదల శాతంలాంటిది వస్తుంది. ఆ పెరుగుదల బొమ్మలో పాత మెట్ల వరుస మాయమై, పన్నెండో కడ్డీ ఒక్కటీ 0.84 ఎత్తున ఒంటరిగా నిలుస్తుంది. మొదటి బొమ్మలో ఎదుగుదల కప్పేసిన రుతువు ఇదే. నాలుగు, ఎనిమిది దగ్గర −0.32, −0.34తో కిందికి దిగిన కడ్డీలు కొత్త సంగతులేమీ కావు. ఏడాది పొడవునా రద్దీ ఎక్కిదిగే తీరులోంచే అవి పుట్టాయి.

రుతువును కూడా తీసేయాలంటే, ఈ నెల పెరుగుదలలోంచి నిరుటి అదే నెల పెరుగుదలను తీసేయాలి. ఉదాహరణకు 1960లో జూన్ నుంచి జూలైకి 535 వేలు 622 వేలయింది, 16.3 శాతం. అంతకుముందు ఏడాది 472 నుంచి 548, అంటే 16.1 శాతం. తేడా 0.2. ఆ జూలైలో విశేషమేమీ లేదన్నమాట. ఇలా మిగిలేవి 131 అంకెలు:

```
x <- diff(diff(log(AirPassengers)), lag = 12)
acf(x, lag.max = 36)
```

ఈ మూడో బొమ్మే అంచనాకు పనికొచ్చేది. దాదాపు అన్ని కడ్డీలూ గీతల మధ్య ఒదిగిపోతాయి. స్పష్టంగా బయట నిలిచినవి రెండే, రెండూ కిందికి దిగినవే: మొదటిది −0.34, పన్నెండోది −0.39. గీత ఇక్కడ 0.17 దగ్గర ఉంది. మొదటి పన్నెండింటిలో ఇవి కాక మూడోది −0.20తో కాస్త, తొమ్మిదోది 0.18తో వెంట్రుకవాసి దాటాయి. ఏ సంబంధమూ లేని అంకెలకు గీసినా ఇరవై కడ్డీల్లో ఒకటి గీత దాటుతుంది, కాబట్టి ముప్పై ఆరులో ఒకటి రెండు దాటడం మామూలే. తొమ్మిది నెలల ఎడానికి ఒక కారణం చెప్పలేనప్పుడు, అంత స్వల్పంగా దాటిన కడ్డీ కోసం కథలు అల్లకపోవడమే మంచిది.

మొదటి కడ్డీ కిందికి దిగిందంటే, ఒక నెల మామూలుకన్నా ఎక్కువ ఎగిరితే మరుసటి నెల అందులో కొంత వెనక్కి ఇచ్చేస్తుందని అర్థం. పన్నెండోది చెప్పేదీ అలాంటిదే: నిరుడు ఈ నెల విపరీతంగా ఎగిరి ఉంటే, ఈసారి అంత ఎగరదు. అంచనా వేసేవాడికి దీని ఫలితం సూటిగా ఉంటుంది. ఆఖరి ఎగురుడును పూర్తిగా నమ్మకూడదు. బాక్స్, జెంకిన్స్ కట్టిన సూత్రం, ఇప్పటికీ ఎయిర్‌లైన్ మోడల్ అనే పిలుస్తారు, చేసేది అదే. రుతువును పక్కనపెట్టి చెబితే, ఊహించనిది ఒకటి జరిగినప్పుడు అందులో సుమారు 60 శాతాన్నే నిలిచేదిగా లెక్కవేసి, మిగతా 40 శాతాన్ని వచ్చిపోయేదిగా వదిలేస్తుంది. 1961 జనవరికి మోటుగా అంచనా వేస్తే, 1960 డిసెంబరు 432ను నిరుటి నిష్పత్తి 417/405తో హెచ్చించి 445 వేలు అంటాం. ఎయిర్‌లైన్ మోడల్ 450 వేలంటుంది. మొదటిది రెండే నెలల నిష్పత్తిని గుడ్డిగా నమ్మింది, రెండోది పాత ఏళ్ళను కూడా తూచింది.

మొదటి కడ్డీ −0.5 దాకా దిగితే మాత్రం అనుమానించాలి. సంబంధమే లేని అంకెలను అనవసరంగా తీసివేసినా సరిగ్గా −0.5 వస్తుంది. అంటే ఆ కడ్డీని మనమే తయారుచేసి ఉండవచ్చు.

ఇంతకీ మన −0.34 ఎక్కడి నుంచి వచ్చింది? 1960 మార్చి చూడండి. 391 నుంచి 419కి, 7.2 శాతం పెరుగుదల. నిరుటి మార్చిలో 342 నుంచి 406కి, 18.7 శాతం. తేడా −11.5. వెంటనే ఏప్రిల్లో ఈసారి 10 శాతం పెరుగుదల, నిరుడు 2.5 శాతం తగ్గుదల, తేడా +12.5. ఒక నెల కిందికి, మరుసటి నెల అంతే పైకి. 1959లో ఈస్టర్ మార్చి 29న పడింది, 1960లో ఏప్రిల్ 17న. పండుగ నెల దాటడంతో ప్రయాణాలు కూడా దానివెంట నడిచాయి. మొదటి కడ్డీలో కొంత వాటా ఈ పండుగది. దాన్ని కోరెలోగ్రామ్ తనంతట తాను చెప్పలేదు, క్యాలెండర్ తీసి చూడాల్సిందే.

మన దగ్గర ఈ చిక్కు ఇంకా పెద్దది. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. బట్టల దుకాణం నెలవారీ అమ్మకాలకు కోరెలోగ్రామ్ గీస్తే, పన్నెండు దగ్గర నిలవాల్సిన బలంలో కొంత పదకొండుకూ పదమూడుకూ చెదిరిపోవచ్చు. మూడేళ్ళ లెక్కే ఉంటే పరిస్థితి మరీ కష్టం: చుక్కల గీతలు 0.33కి జరుగుతాయి, పన్నెండు నెలల ఎడానికి జతలు ఇరవై నాలుగే దొరుకుతాయి. అలాంటప్పుడు కడ్డీలు చూసి రుతువు లేదని తేల్చడం తొందరపాటు. పండుగకు ముందున్న అమ్మకపు రోజుల్లో ఎన్ని ఏ నెలలో పడ్డాయో పక్కన ఇంకో వరుసలో రాసుకుని, ఆ ప్రభావాన్ని ముందుగా లెక్కలోంచి తీసేసి, బొమ్మ మళ్ళీ గీయాలి. అప్పటికీ మొదటి కడ్డీ గీత దాటే ఉంటే అది పండుగది కాదు, అమ్మకాలదే.