డెల్టా సున్నా అయినా రిస్కు సున్నా కాదు

ఎంబీఏ ఫైనాన్స్‌లో డెరివేటివ్స్ చదివేవాళ్లకు తరచూ ఎదురయ్యే అసైన్‌మెంట్ ఒకటుంది. మీరు బ్యాంకు ట్రేడింగ్ డెస్క్‌లో కూర్చున్నారు, కస్టమర్‌కు కాల్ ఆప్షన్లు అమ్మారు, గడువు దాకా వారం వారం డెల్టా హెడ్జ్ చేసి చివరికి లాభమో నష్టమో తేల్చండి అంటుంది ప్రశ్న. ఎక్సెల్‌లో అంకెలు చాలామందికే వస్తాయి. ఆ అంకె ఎందుకు అలా వచ్చిందని అడిగితే మాత్రం జవాబు తడబడుతుంది. ఒక చిన్న లెక్క మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం.

షేరు ధర 1,000 రూపాయలు. స్ట్రైక్ ధరా అంతే. గడువు నాలుగు వారాలు. వొలటిలిటీ, అంటే ధర ఎంతగా ఊగుతుందన్న అంచనా, ఏడాదికి 26 శాతం. వడ్డీ లేదనుకుందాం. అమ్మింది 1,000 షేర్లకు సరిపడా కాల్స్. 1973లో వచ్చిన బ్లాక్-షోల్స్ సూత్రం ప్రకారం ఒక్కో కాల్ విలువ 28.76 రూపాయలు. అంటే మన చేతికి వచ్చిన ప్రీమియం 28,760.

ఏమీ చేయకుండా కూర్చుంటే ఏమవుతుంది? గడువు నాటికి షేరు 1,045కు చేరితే కస్టమర్‌కు 45,000 కట్టాలి. ప్రీమియం పోను 16,240 నష్టం. ఈ దెబ్బ తగలకుండా చూసుకోవడానికే గ్రీక్స్ కావాలి.

నాలుగు కొలతలు

షేరు ఒక రూపాయి కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుందో చెప్పేది డెల్టా. మన కాల్‌కు మొదటి రోజు అది 0.514. కాబట్టి 514 షేర్లు కొని పెట్టుకుంటే, చిన్న కదలికల్లో అమ్మిన ఆప్షన్ మీద పోయేది షేర్ల మీద వస్తుంది. ఎక్సెల్‌లో A2లో షేరు ధర, B2లో మిగిలిన కాలం ఏళ్లలో ఉంచి, ఈ ఒక్క వరుస రాస్తే డెల్టా వస్తుంది:

```
=NORM.S.DIST(LN(A2/1000)/(0.26*SQRT(B2))+0.26*SQRT(B2)/2,TRUE)
```

నాలుగు వారాలంటే B2లో =4/52 రావాలి. అక్కడ 4 అనో 28 అనో వేస్తే డెల్టా తప్పుతుంది.

డెల్టా స్థిరంగా ఉండదు. షేరు రూపాయి కదిలితే డెల్టా ఎంత మారుతుందో చెప్పేది గామా. ఇక్కడ సుమారు 0.0055. కాలం గడిచేకొద్దీ ఆప్షన్ విలువ కరిగిపోయే వేగం థీటా; మొదటి వారానికి సుమారు 3.60 రూపాయలు. ఆప్షన్ అమ్మినవాడికి అది రాబడి. వొలటిలిటీ అంచనా ఒక శాతం పెరిగితే ఆప్షన్ ధర ఎంత పెరుగుతుందో చెప్పేది వేగా. ఇక్కడ సుమారు 1.10. వడ్డీ రేటు ప్రభావాన్ని కొలిచే రో కూడా ఉంది గానీ, నాలుగు వారాల ఆప్షన్‌లో దాని పాత్ర స్వల్పం.

వారం వారం

| వారం | షేరు ధర | డెల్టా | ఉండాల్సిన షేర్లు | చేసిన పని |
|---|---|---|---|---|
| 0 | 1,000 | 0.514 | 514 | 514 కొన్నాం |
| 1 | 1,030 | 0.693 | 693 | 179 కొన్నాం |
| 2 | 990 | 0.432 | 432 | 261 అమ్మాం |
| 3 | 1,020 | 0.715 | 715 | 283 కొన్నాం |
| 4 | 1,045 | 1 | 1,000 | 285 కొని ఇచ్చేశాం |

చివరి గడిని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ధర పెరిగినప్పుడల్లా కొన్నాం, తగ్గినప్పుడు అమ్మాం. 1,030కి కొన్నవాటిని 990కి వదిలించుకుని, మళ్లీ 1,020కి కొన్నాం. ఇది తెలివితక్కువ పని కాదు, ఆప్షన్ అమ్మినవాడికి తప్పనిసరి పని. షేర్లకు పెట్టిన డబ్బు, అమ్మగా వచ్చిన డబ్బు, చివర్లో కస్టమర్ ఇచ్చిన పది లక్షలు అన్నీ కలిపితే హెడ్జింగ్‌కు అయిన నికర ఖర్చు 26,465. ప్రీమియం 28,760. మిగిలింది 2,295 లాభం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక వారం షేర్ల మీద వచ్చిన లాభాన్ని ఆ వారం మొదట్లో చేతిలో ఉన్న షేర్లతో లెక్కించాలి. మొదటి వారం 514ను 30తో గుణించాలి. వారం చివరి 693తో గుణించి, మిగతా వారాల్లోనూ అలాగే చేస్తే లాభం 33,720గా కనిపిస్తుంది. మొత్తం ప్రీమియాన్ని మించిన లాభం కనిపించిందంటే ఫార్ములాను ఒక గడి కిందికి జరిపి వేశారేమో చూసుకోవాలి.

2,295 ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటి వారాన్నే తీసుకుందాం. కాలం గడిచినందుకు ఒక్కో ఆప్షన్ మీద సుమారు 3.60 రూపాయలు మనకు వచ్చాయి. ధర 30 రూపాయలు కదిలినందుకు గామా వల్ల పోయింది, గామాలో సగాన్ని 30 వర్గంతో గుణిస్తే, సుమారు 2.50. మిగిలింది 1.10. అదే వారం షేరు 60 రూపాయలు ఎగిరి ఉంటే గామా దాదాపు 10 రూపాయలు తినేసేది. డెల్టా సున్నాగానే మొదలుపెట్టినా ఆప్షన్‌కు ఆరు రూపాయలకు పైగా నష్టం. లాభనష్టాలు సమానమయ్యే కదలిక వారానికి సుమారు 36 రూపాయలు. 1,000 రూపాయల షేరుకు 26 శాతం వొలటిలిటీని ఒక వారానికి కుదిస్తే వచ్చేదీ అదే 36.

అయితే ఈ గీత స్ట్రైక్‌కు దగ్గరగా, గడువుకు దూరంగా ఉన్నప్పుడే నమ్మదగింది. చివరి వారం షేరు 25 రూపాయలే పెరిగింది, అయినా 465 నష్టం వచ్చింది. అప్పటికి ఆప్షన్లలో మిగిలిన కాలపు విలువ 6,660. మన దగ్గర లేని 285 షేర్ల మీద చేజారిన లాభం 7,125. గడువు ముంచుకొచ్చేటప్పుడు స్ట్రైక్ దగ్గర డెల్టా గబగబా మారిపోతుంది, వారానికోసారి సర్దితే దాన్ని అందుకోలేం. రోజూ సర్దితే ఈ తేడా తగ్గుతుంది గానీ బ్రోకరేజీ, పన్నులు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా ప్రతిసారీ కోత పెడతాయి. ఫలితాల ప్రకటన తర్వాత షేరు ఒక్కసారిగా ఎగిరి తెరుచుకుంటే రోజువారీ సర్దుబాటు కూడా ఆదుకోదు.

వేగా సంగతి వేరు. మొదటి రోజే మార్కెట్ అంచనా 26 నుంచి 30 శాతానికి పెరిగితే, షేరు కదలకపోయినా పుస్తకాల్లో దాదాపు 4,400 నష్టం చూపాలి. షేర్లకు గామా, వేగా రెండూ లేవు కాబట్టి ఎన్ని షేర్లు కొన్నా అవి తగ్గవు. వాటిని తగ్గించాలంటే మరో ఆప్షన్ కొనాల్సిందే.

అందుకే జవాబు పత్రంలో "హెడ్జ్ చేశాం, రిస్కు పోయింది" అని రాయకండి. పోయింది షేరు ఎటు వెళ్తుందన్న పందెం మాత్రమే, ఎంత ఊగుతుందన్న పందెం మిగిలే ఉంది. మనం 26 శాతం ఊగుతుందన్న ధరకు అమ్మాం. ఈ నాలుగు వారాల కదలికలను ఏడాది లెక్కకు మారిస్తే సుమారు 23 శాతమే ఊగింది. 2,295 లాభానికి ప్రధాన కారణం అదే. ఆ రెండు శాతాలనూ పక్కపక్కన రాసి చూపిస్తే అసైన్‌మెంట్ పూర్తయినట్టు.