జాబితా రెట్టింపైతే పని ఎన్ని రెట్లు?

ఇచ్చిన సమాచారం పెరిగేకొద్దీ ఒక ప్రోగ్రాం చేసే పని ఏ తీరున పెరుగుతుందో చెప్పే గుర్తు బిగ్-ఓ. ఎన్ని సెకన్లు పడుతుందన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. ఒకే ప్రోగ్రాం పాత ల్యాప్‌టాప్‌లో 6 సెకన్లు, కొత్తదానిలో 2 సెకన్లు తీసుకోవచ్చు. కానీ జాబితా రెట్టింపైనప్పుడు సమయం రెండు రెట్లవుతుందా, నాలుగు రెట్లవుతుందా అన్నది యంత్రం మారినంత మాత్రాన మారదు. అది లెక్క చేసే పద్ధతిని బట్టి ఉంటుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మూడు విషయాలు తెలిస్తే చాలు: అంకశ్రేఢి మొత్తం, వర్గ బహుపది, సంవర్గమానం. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ మూడూ కొత్తవి కావు.

సార్టింగ్ అంటే జాబితాను ఆరోహణ క్రమంలో పెట్టడం. బిగ్-ఓ నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన ఉదాహరణ దొరకదు. ఒకే పనికి చాలా పద్ధతులున్నాయి, ప్రతి పద్ధతిలో ఎన్ని పోలికలు జరిగాయో కాగితం మీదే లెక్కపెట్టవచ్చు. ఎనిమిది మంది విద్యార్థుల మార్కులు ఈ వరుసలో ఉన్నాయనుకుందాం: 52, 17, 88, 34, 71, 9, 63, 45.

మొదటి పద్ధతి పేరు ఇన్సర్షన్ సార్ట్. పేకాటలో ఒక్కో ముక్క తీసుకుంటూ, చేతిలో అప్పటికే సర్దిన ముక్కల మధ్య దాని చోట దోపే పద్ధతే ఇది. కొత్త సంఖ్యను ఎడమవైపున సర్ది ఉన్నవాటితో కుడి చివర నుంచి పోల్చుకుంటూ రావాలి. తనకంటే పెద్దవాటిని ఒక గడి కుడికి జరపాలి, చిన్నది తగలగానే ఆగి అక్కడ కూర్చోవాలి. పైథాన్‌లో అది ఇలా ఉంటుంది:

```python
def insertion_sort(a):
    for i in range(1, len(a)):
        x = a[i]
        j = i - 1
        while j >= 0 and a[j] > x:
            a[j + 1] = a[j]
            j -= 1
        a[j + 1] = x
```

పై జాబితా మీద దీన్ని నడిపిస్తే, 17ను 52తో పోల్చి ముందుకు జరపడానికి ఒక పోలిక చాలు. 88 ఉన్నచోటే ఉంటుంది కాబట్టి దానికీ ఒక్కటే. 34 వంతు వచ్చేసరికి 88, 52, 17 మూడింటితోనూ పోల్చాలి. 71కి 2 పోలికలు. 9 అన్నిటికంటే చిన్నది, అందువల్ల అప్పటికి సర్దిన ఐదింటినీ దాటుకుని మొదటికి రావాలి, అంటే 5. తర్వాత 63కి 3, 45కి 5. మొత్తం 1+1+3+2+5+3+5 = 20 పోలికలు.

ఇదే ఎనిమిది సంఖ్యలు అవరోహణ క్రమంలో వచ్చి ఉంటే, ప్రతి కొత్త సంఖ్యా తన ముందున్నవాటన్నిటినీ దాటాల్సి వచ్చేది. అప్పుడు పోలికలు 1+2+3+…+7, అంటే 28. సంఖ్యలు n ఉంటే ఇది 1 నుంచి n−1 వరకు ఉన్న అంకశ్రేఢి మొత్తం: n(n−1)/2, విడదీసి రాస్తే n²/2 − n/2. ఇన్సర్షన్ సార్ట్ చేయాల్సిన అత్యధిక పని ఇంత. మార్కులు ముందే ఆరోహణ క్రమంలో ఉంటే మాత్రం ఒక్కోదానికి ఒక్క పోలికతో 7తోనే పని అయిపోతుంది.

ఇప్పుడు n²/2 − n/2 అనే బహుపదిని కొంచెం దగ్గరగా చూడాలి. n విలువ 10 అయితే మొదటి పదం 50, రెండోది 5. రెండో పదాన్ని వదిలేస్తే తేడా కనబడుతుంది. n విలువ 1000 అయితే మొదటిది 5,00,000, రెండోది 500. వెయ్యిలో ఒక వంతు. n ఇంకా పెరిగితే రెండో పదం ఉన్నా లేకపోయినా ఒకటే. అందుకే పెద్ద ఘాతం ఉన్న పదాన్ని ఉంచి మిగతావి వదిలేస్తారు. ముందున్న 1/2 అనే గుణకాన్నీ వదిలేస్తారు. యంత్రం రెండింతలు వేగంగా ఉంటే ఆ గుణకం ఎలాగూ మారిపోతుంది, పైగా జాబితా రెట్టింపైతే పని ఎన్ని రెట్లవుతుందో తేల్చడంలో దానికి పాత్ర లేదు. మిగిలింది n². దాన్ని O(n²) అని రాస్తారు. n రెట్టింపైతే పని నాలుగు రెట్లు, పదింతలైతే వంద రెట్లు.

గణిత నియమంగా చెప్పాలంటే, n ఒక హద్దు దాటిన తర్వాత పని ఎప్పుడూ c×n²కి మించకుండా ఉండేలా ఒక స్థిరసంఖ్య c దొరికితే ఆ పని O(n²). ఇక్కడ c = 1/2 తీసుకుంటే సరిపోతుంది. ఈ గుర్తు కంప్యూటర్ల కోసం పుట్టినది కాదు. జర్మన్ గణితవేత్త పాల్ బాక్‌మన్ 1894లో సంఖ్యాశాస్త్రం కోసం దీన్ని వాడాడు, ఆ తర్వాత ఎడ్మండ్ లాండౌ ప్రచారంలోకి తెచ్చాడు.

రెండో పద్ధతి మెర్జ్ సార్ట్. 1945లో జాన్ వాన్ న్యూమన్ రూపొందించినది. సర్ది ఉన్న రెండు చిన్న జాబితాలను ఒకటిగా కలపడం చాలా తేలిక అన్నదే దీనికి మూలం. రెండింటి మొదటి సంఖ్యలను పోల్చి చిన్నదాన్ని తీసుకోవడం, మళ్లీ మొదట మిగిలినవాటిని పోల్చడం, అంతే.

అవే మార్కులను మొదట జంటలుగా సర్దుతారు: 17, 52, 34, 88, 9, 71, 45, 63. దీనికి 4 పోలికలు. తర్వాత రెండేసి జంటలను కలపాలి. మొదటి రెండు జంటల్లో 17ను 34తో పోల్చి 17 తీసుకుంటారు. 52ను 34తో పోల్చి 34, 52ను 88తో పోల్చి 52 తీసుకుంటారు. మిగిలిన 88 పోలిక లేకుండానే చివర చేరుతుంది. మొత్తం 3 పోలికలు. రెండో వైపూ మూడే పట్టి 9, 45, 63, 71 వస్తుంది. ఈ రెండు నాలుగేసి జాబితాలను కలపడానికి 7. అన్నీ కలిపితే 4+6+7 = 17.

20కి బదులు 17. ఇంత చిన్న లాభం కోసమా ఈ తతంగమంతా అనిపిస్తుంది. ఎనిమిది సంఖ్యల మీద ఆ అనుమానం న్యాయమైనదే. అసలు సంగతి అంచెల సంఖ్యలో ఉంది. ఎనిమిదిని సగం చేస్తూ పోతే 4, 2, 1 అని మూడంచెల్లో ముగుస్తుంది. ఒక్కో అంచెలో జరిగే పోలికలు మొత్తం కలిపినా nకి మించవు. nను ఎన్నిసార్లు సగం చేస్తే 1 వస్తుందో ఆ సంఖ్యే 2 ఆధారంగా n సంవర్గమానం. కాబట్టి మొత్తం పని n × log₂ n లోపే ఉంటుంది. ఇదే O(n log n).

జాబితా పెద్దదైతే దీని బలం బయటపడుతుంది. పది లక్షల మార్కులుంటే సగం చేసే అంచెలు 20 మాత్రమే, ఎందుకంటే 2²⁰ పది లక్షలు దాటుతుంది. మెర్జ్ సార్ట్‌కు సుమారు 2 కోట్ల పోలికలు చాలు. ఇన్సర్షన్ సార్ట్‌కు అత్యధికంగా 50 వేల కోట్లు కావాలి. సెకనుకు 10 కోట్ల పోలికలు చేసే యంత్రం మీద మొదటిది సెకనులో అయిదో వంతు, రెండోది 5,000 సెకన్లు, అంటే గంటా ఇరవై మూడు నిమిషాలు. యంత్రాన్ని పదింతలు వేగంగా మార్చినా రెండోదానికి ఇంకా ఎనిమిది నిమిషాలు పడుతుంది. మెర్జ్ సార్ట్ ఉచితంగా రాదు, కలిపేటప్పుడు జాబితాకు సమానమైన అదనపు మెమరీ అడుగుతుంది.

ఇంతకంటే తక్కువ పోలికలతో పని కాదా? ఎనిమిది వేర్వేరు సంఖ్యలు 8! = 40,320 రకాల వరుసల్లో రావచ్చు. ఒక్కో పోలికకు అవును, కాదు అని రెండే జవాబులు. 15 పోలికల జవాబులతో గుర్తుపట్టగలిగేది 2¹⁵ = 32,768 వరుసలను మాత్రమే. అవి చాలవు. కాబట్టి ఎంత తెలివైన పద్ధతికైనా కొన్ని వరుసల మీద కనీసం 16 పోలికలు తప్పవు. మెర్జ్ సార్ట్ 17 దగ్గర ఉంది. ఇదే లెక్కను n సంఖ్యలకు చేస్తే, పోలికల మీద ఆధారపడే ఏ సార్టింగూ n log n తీరును దాటి కిందికి పోలేదని తేలుతుంది.

పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది రెండు చోట్ల. బిగ్-ఓ అంటేనే అత్యధిక పని అనుకోవడం మొదటిది. అత్యధిక పని అన్నది ఎలాంటి జాబితా వచ్చిందన్నదానికి సంబంధించిన మాట, బిగ్-ఓ పెరుగుదలను చెప్పే గుర్తు. ఇన్సర్షన్ సార్ట్‌కు అత్యధిక పని O(n²), అత్యల్ప పని O(n). రెండింటికీ అదే గుర్తు. రెండోది లూప్‌లు లెక్కపెట్టి తీర్పు చెప్పడం. పైథాన్ కోడ్ ఇది:

```python
import bisect
b = []
for x in data:
    bisect.insort(b, x)
```

కనబడేది ఒక్క లూపే. `insort` సరైన చోటును సగం చేస్తూ వెతుకుతుంది, కాబట్టి పోలికలు n log n తీరులోనే ఉంటాయి. కానీ చోటు దొరికాక కొత్త సంఖ్యను పెట్టడానికి దాని కుడివైపు ఉన్నవన్నీ ఒక గడి జరగాలి. ఆ జరపడం కోడ్‌లో కనబడదు, అయినా జరుగుతుంది. అందుకే మొత్తం పని O(n²). ఏ పనిని లెక్కపెడుతున్నామో ముందే తేల్చుకోకపోతే సరైన లెక్క కూడా తప్పు జవాబే ఇస్తుంది.

అనుమానం వస్తే కొలిచి చూడవచ్చు. 20,000 సంఖ్యలకు ఒకసారి, 40,000కు ఒకసారి, 80,000కు ఒకసారి సమయం చూడాలి. ప్రతి రెట్టింపుకూ సమయం నాలుగింతలకు దగ్గరగా పెరుగుతుంటే అది n² తీరు. రెండింతల కంటే కాస్త ఎక్కువైతే n log n. కొలిచేటప్పుడు అంకెలు యాదృచ్ఛికంగా ఉండాలి. ముందే సర్ది ఉన్న జాబితా ఇస్తే ఇన్సర్షన్ సార్ట్ కూడా రెండింతల పెరుగుదలే చూపించి మోసం చేస్తుంది.

వదిలేసిన గుణకాలకు విలువ లేదనుకోవడం కూడా సరికాదు. చిన్న జాబితాల మీద మెర్జ్ సార్ట్ విడదీయడానికీ కలపడానికీ పెట్టే ఖర్చు కంటే ఇన్సర్షన్ సార్ట్ చేసే పని తక్కువ. 2002లో టిమ్ పీటర్స్ పైథాన్ కోసం రాసిన టిమ్‌సార్ట్ ఈ రెండింటినీ కలిపి వాడుకుంది. జాబితాలో అప్పటికే వరుసగా ఉన్న ముక్కలను గుర్తించి, మరీ చిన్నవాటిని ఇన్సర్షన్ సార్ట్‌తో పెంచి, ఆపైన మెర్జ్ సార్ట్ తరహాలో కలుపుతుంది. అత్యధిక పని O(n log n), ముందే సర్ది ఉన్న జాబితాకు n−1 పోలికలు.